డిశ్చార్జి కాగితంలో ‘కోమార్బిడిటీలు’ అని రాస్తే ఏమని అర్థం?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 68 ఏళ్లు. పోయిన నెల తెల్లవారుజామున బాత్రూంలో పడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తున్నారు. డిశ్చార్జి కాగితంలో ‘కోమార్బిడిటీలు’ అని రాసి కింద షుగర్, బీపీ, గుండెకి స్టెంట్, కిడ్నీ జబ్బు మూడో దశ అని పెట్టారు. కిడ్నీ సంగతి మాకు ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఇవన్నీ ఉన్నాయని ఆపరేషన్ కూడా మూడో రోజుకి గానీ చెయ్యలేదు. అయిన రాత్రి నాన్నగారు మమ్మల్నే గుర్తుపట్టలేదు. కరోనా రోజుల్లో ‘కోమార్బిడిటీలతో మృతి’ అని వార్తల్లో వినేవాళ్లం కదా, ఆ మాట చూసిన దగ్గర్నుంచి అమ్మకి నిద్ర లేదు. నాన్నగారికి ప్రమాదమేనా? కాగితాలన్నీ, పడిన రోజు సంగతులూ మందుల వివరాలూ రాసిన ఉత్తరమూ జతచేస్తున్నాను.
— ఒక కూతురు, ఖమ్మం

సమాధానం: అమ్మా, మీరు పంపిన కాగితాలన్నీ చదివాను. నేను మత్తు డాక్టర్ని. ఆపరేషన్‌కి ముందు ఆ శీర్షిక కింద ఏం రాశారో చూడటమే నా పనిలో సగం. అందుకే కాస్త వివరంగా చెబుతాను, అమ్మగారికి చదివి వినిపించండి.

ఏ జబ్బు కోసం మనిషి ఆస్పత్రిలో చేరాడో దాన్ని రోగ నిర్ధారణ కింద పైన రాస్తారు. నాన్నగారి విషయంలో అది విరిగిన తుంటి ఎముక. దానితో సంబంధం ఉన్నా లేకపోయినా అప్పటికే ఒంట్లో ఉన్న మిగతా జబ్బులని కోమార్బిడిటీలు అంటారు. 1970లో అమెరికా డాక్టర్ ఆల్వన్ ఫైన్‌స్టైన్ ఈ మాటని వైద్యంలోకి తెచ్చాడు. అప్పట్లో పరిశోధనలన్నీ ఒక్క జబ్బునే పట్టుకుని లెక్కలు వేసేవి. అదే జబ్బు, అదే మందు, అయినా ఒకరు కోలుకుంటే ఇంకొకరు ఎందుకు కోలుకోవడం లేదంటే, ఆ రెండో మనిషిలో ఉన్న మిగతా జబ్బుల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదని ఆయన చెప్పాడు. ఇప్పటికీ ఆ మాట పని అదే. ఈ మనిషికి ఈ వైద్యం చేసేటప్పుడు వీటిని కూడా చూసుకోండి అని తర్వాత వచ్చే డాక్టరుకి చెప్పడానికి రాస్తారు. ఇదే నాన్నగారు రేపు గుండె డాక్టరు దగ్గరికి వెళితే ఆ కాగితంలో స్టెంటు పైకి వెళుతుంది, మానిన తుంటి ఎముక కింది వరుసలోకి వస్తుంది. మనిషి మారలేదు, జబ్బులూ మారలేదు, చూసే డాక్టరు మారాడు.

కాబట్టి ఆ పట్టికని చూసి ‘ఎన్ని ఉన్నాయి’ అని లెక్కపెట్టడం వల్ల లాభం లేదు. ప్రతి దానికీ ఒక్కటే అడగాలి: దీని వల్ల ఇప్పటి వైద్యంలో ఏం మారింది? నాన్నగారి కాగితాల మీదే ఆ ప్రశ్న వేసి చూద్దాం.

మొదటిది స్టెంటు. అది వేసి అయిదేళ్లయిందని, అప్పటి నుంచి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిసిన గుళిక రోజూ వేసుకుంటున్నారని రాశారు. క్లోపిడోగ్రెల్ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, దాని ప్రభావం పూర్తిగా పోవడానికి అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఆ లోపల వెన్నులో సూది వేసి నడుం కింద మత్తు ఇస్తే, అరుదుగానే అయినా, వెన్నుపాము చుట్టూ రక్తం చేరి కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. అలాగని విరిగిన తుంటితో వారం రోజులు మంచం మీద పడుకోబెట్టకూడదు. అందుకే నాన్నగారికి వెన్ను మత్తు కాకుండా పూర్తి మత్తు ఇచ్చారు, నొప్పికి తొడ దగ్గర నరానికి విడిగా ఇంజెక్షన్ చేశారు. మత్తు కాగితంలో ఆ సంగతి స్పష్టంగా ఉంది. స్టెంటు అనే ఒక్క కోమార్బిడిటీ మత్తు పద్ధతినే మార్చింది. ఇది సరైన నిర్ణయం.

రెండోది షుగర్. నాన్నగారి మందుల్లో మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్‌తో పాటు డాపాగ్లిఫ్లోజిన్ కూడా ఉంది. ఈ మూడో మందు గురించి ఇళ్లల్లో ఎక్కువమందికి తెలియదు. ఇది చక్కెరని మూత్రంలోంచి బయటికి పంపుతుంది. గుండెకీ కిడ్నీకీ మంచిదే. కానీ మనిషి ఉపవాసంలో ఉండి, ఒంటికి దెబ్బ తగిలి, ఆపరేషన్ కూడా జరిగితే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకోవచ్చు. అప్పుడు గ్లూకోమీటరులో షుగర్ దాదాపు మామూలుగానే కనిపించవచ్చు కాబట్టి చూసేవాళ్లు మోసపోతారు. వాంతులు, ఆయాసం, విపరీతమైన నీరసం వస్తే అప్పుడు పరీక్షిస్తారు. అందుకే ముందే అనుకున్న ఆపరేషన్ అయితే ఈ మందుని కనీసం మూడు రోజుల ముందు ఆపమంటాం. ఎముక విరిగి వచ్చినవాళ్లకి ఆ వెసులుబాటు ఉండదు కాబట్టి చేరిన రోజే ఆపి, కీటోన్లు చూస్తూ, ఇన్సులిన్‌తో షుగర్‌ని 140 నుంచి 180 మధ్య ఉంచుతూ ఆపరేషన్ చేస్తాం. ‘షుగర్’ అన్న ఒక్క మాట చూస్తే ఆపరేషన్ చేసేవాళ్లకి ఇదేమీ తెలిసేది కాదు. మీరు మందుల సంచి తీసుకెళ్లి చూపించారు కాబట్టి తెలిసింది.

బీపీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. టెల్మిసార్టాన్ లాంటి మాత్ర పొద్దున వేసుకుని వస్తే మత్తు ఇచ్చాక రక్తపోటు బాగా పడిపోవచ్చు, అందుకని ఆ పూట ఆపుతాం. అంతే.

కిడ్నీ సంగతికి వద్దాం, అమ్మగారికి భయం దాని గురించే. కిడ్నీలు వడపోసి బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం చేరిన రోజు రక్తంలో 1.6 ఉంది. ఆ అంకెకి వయసు కలిపి లెక్క కడితే కిడ్నీలు వడపోసే వేగం నిమిషానికి 47 మిల్లీలీటర్లని వస్తుంది. 45 నుంచి 59 దాకా మూడో దశలో మొదటి భాగం, అంటే 3ఏ. మూడో దశ అంటే క్యాన్సరులో లాగా చివరికి వచ్చేసిందనుకుంటారు చాలామంది. ఇక్కడ అలా కాదు. కిడ్నీ దశలు అయిదు, డయాలసిస్ గురించి ఆలోచన సాధారణంగా వడపోత 15 కంటే తగ్గాక వస్తుంది. 3ఏలో ఉన్నవాళ్లలో చాలామంది డయాలసిస్ దాకా వెళ్లనే వెళ్లరు.

కానీ ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఆస్పత్రిలో చేరిన రోజు ఒక్క క్రియాటినిన్ చూసి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అని రాయకూడదు. కనీసం మూడు నెలల ఎడంతో రెండుసార్లు అలా ఉంటేనే ఆ పేరు పెట్టాలి. తుంటి విరిగి గంటల తరబడి నేల మీద పడి ఉన్నా, నీళ్లు తాగకపోయినా, నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకున్నా కిడ్నీ తాత్కాలికంగా దెబ్బతిని క్రియాటినిన్ పెరుగుతుంది. అది ఈ ప్రమాదం వల్ల వచ్చినది కాబట్టి కాంప్లికేషన్ అవుతుంది. వారం పది రోజుల్లో తగ్గిపోవచ్చు కూడా. కోమార్బిడిటీ ముందు నుంచే ఉన్నది, కాంప్లికేషన్ ఈ జబ్బు వల్లో, దాని వైద్యం వల్లో కొత్తగా వచ్చినది. డిశ్చార్జి కాగితం చదివేటప్పుడు ఒక్కొక్క పేరునీ ఈ రెంటిలో ఏదని తేల్చుకోవాలి, ఎందుకంటే ఒకటి జీవితాంతం చూసుకోవలసింది, రెండోది తగ్గిందా లేదా అని కనిపెట్టవలసింది.

మరి నాన్నగారిది ఏది? జవాబు మీరు పంపిన కాగితాల్లోనే ఉంది. పోయిన ఏడాది హెల్త్ చెకప్ రిపోర్టులో రెండో పేజీలో క్రియాటినిన్ 1.5 ఉంది. లెక్క కడితే వడపోత 50 దగ్గర వస్తుంది. ఆ అంకె పక్కన బాణం గుర్తు కూడా ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకు పట్టించుకోలేదో కూడా చెప్పగలను: ఎక్కువన్నది కాస్తే కాబట్టి, నాన్నగారికి వాపులూ లేవు, మూత్రం బాగానే వస్తోంది కాబట్టి. ఈ దశలో కిడ్నీ జబ్బు బయటికి ఏమీ కనిపించదు. కాబట్టి ఆస్పత్రివాళ్లు కొత్త రోగం పుట్టించలేదు, దాచిందీ లేదు. ఏడాదిగా కాగితం మీద ఉన్నదానికి పేరు పెట్టారు. ఆ పేరు మీకు నోటితో వివరించకుండా కాగితం చేతికిచ్చి పంపడం మాత్రం తప్పే, అందులో మీ బాధ న్యాయమైనది.

దీని వల్ల వైద్యంలో ఏం మారాలి? నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి నాన్నగారికి ఇకమీద వద్దు. మోకాళ్ల నొప్పులకి ‘ఎప్పుడన్నా ఒకటి’ మందుల షాపులో అడిగి తెచ్చుకుంటారని రాశారు, ముందు అది ఆపించండి. అట్ట మీద పారాసెటమాల్ అని పెద్దగా ఉన్నా, దానితో పాటు ఎసిక్లోఫెనాక్ కలిపిన మాత్రలు చాలా ఉన్నాయి, చిన్న అక్షరాలు చదవాలి. ఒట్టి పారాసెటమాల్ అయితే డాక్టరు చెప్పిన మోతాదులో పర్వాలేదు. ఆపరేషన్ జరిగి మూడు నెలలు కాగానే క్రియాటినిన్ మళ్లీ చేయించండి, దానితో పాటు మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంత పోతోందో చూసే పరీక్ష కూడా. ఇది ఇప్పటిదాకా ఒక్కసారీ చేయించినట్టు లేదు. కిడ్నీ ఇక ముందు ఎలా ఉంటుందో క్రియాటినిన్ ఒక్కటే చెప్పలేదు, ఈ రెండూ కలిపి చూడాలి.

ఆపరేషన్ ఆలస్యం గురించి మీ అనుమానం పూర్తిగా తప్పని నేను అనను. తుంటి విరిగిన పెద్దవాళ్లు మంచం మీద ఎంత ఎక్కువసేపు ఉంటే అంత నష్టం: ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, పిరుదుల మీద పుండ్లు పడతాయి, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకడుతుంది. అందుకే బ్రిటన్‌లో 36 గంటల లోపల చెయ్యాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఒకటి రెండు రోజులు దాటకూడదన్నది ఎక్కడైనా ఒప్పుకునే మాట. ఆపడానికి న్యాయమైన కారణాలు కొన్ని ఉంటాయి. షుగర్ విపరీతంగా ఉండి కీటోన్లు ఉంటే, గుండె కొట్టుకోవడంలో పెద్ద తేడా ఉంటే, ఆయాసంతో ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఉంటే, పొటాషియం ప్రమాదకరంగా ఉంటే వాటిని సరిదిద్దే దాకా ఆగాలి, అది కొన్ని గంటల నుంచి ఒక రోజు పని. నాన్నగారి కాగితంలో చేరిన రోజు షుగర్ 340, మూత్రంలో కీటోన్లు ఉన్నట్టు ఉంది. మొదటి రోజు ఆగడానికి అది సరిపోతుంది. రెండో రోజు మాత్రం గుండె స్కానింగ్ కోసం ఎదురుచూసినట్టు కనిపిస్తోంది. ఆయాసం లేని, నిన్నటిదాకా రెండంతస్తులు మెట్లెక్కిన మనిషికి ఆ స్కానింగ్ కోసం రోజంతా ఆపనవసరం లేదని నా అభిప్రాయం. మూడు నెలల సగటు షుగర్ ఎక్కువగా ఉందని ఆపడం కూడా ఇలాంటిదే, ఆ అంకెని రెండు రోజుల్లో ఎవరూ తగ్గించలేరు. ‘కోమార్బిడిటీలు ఉన్నాయి, అందుకే ఆలస్యం’ అని ఎవరైనా అంటే, ‘అందులో దేన్ని సరిచేస్తున్నారు, ఎంతసేపట్లో అవుతుంది?’ అని మర్యాదగా అడగండి. జవాబు ఉంటే చెబుతారు.

ఆ రాత్రి మిమ్మల్ని గుర్తుపట్టకపోవడాన్ని డెలీరియం అంటారు. పెద్దవయసువాళ్లలో తుంటి ఆపరేషన్ తర్వాత ఇది తరచుగా చూస్తాం. అది కాంప్లికేషన్. మతిమరుపు జబ్బు మొదలైందని కాదు. నొప్పి, నిద్ర లేకపోవడం, నిద్రమందులు, మూత్రం గొట్టం, కళ్లద్దాలు తీసేయడం, ఇవన్నీ కలిసి మెదడుని తికమక పెడతాయి. నాన్నగారికి రెండు రోజుల్లో తగ్గిందని రాశారు కదా, మంచి సంకేతం. కానీ ఒక పని చెయ్యండి. మందుల చీటీ వెనకాలే ‘తుంటి ఆపరేషన్ తర్వాత డెలీరియం వచ్చింది’ అని రాసి పెట్టుకోండి. రేపు కంటి శుక్లాల ఆపరేషన్‌కో మరోదానికో వెళ్లినప్పుడు మత్తు డాక్టరుకి అది చెప్పాలి. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ, ముందే తెలిస్తే మందులు మార్చి వాడతాం.

ఇప్పుడు ‘ప్రమాదమేనా’ అన్న ప్రశ్న. అన్ని కోమార్బిడిటీలకీ ఒకే బరువు ఉండదు. 1987లో మేరీ చార్ల్‌సన్ అనే అమెరికన్ వైద్యురాలు తన బృందంతో కలిసి ఒక పట్టిక తయారు చేసింది, ఇప్పటికీ పరిశోధనల్లో వాడుతున్నారు. అందులో 19 జబ్బులు ఉన్నాయి, ఒక్కోదానికి 1 నుంచి 6 దాకా మార్కులు. పాత గుండెపోటుకి 1, ఇతర అవయవాల్ని దెబ్బతియ్యని షుగర్‌కి 1, ముదిరిన లివర్ జబ్బుకి 3, ఒళ్లంతా పాకిన క్యాన్సరుకి 6. బీపీ ఆ పట్టికలోనే లేదు. ఆ పట్టికలో కిడ్నీ జబ్బుకి 2 మార్కులు పడాలంటే క్రియాటినిన్ 3 దాటి ఉండాలి, నాన్నగారిది దానికి చాలా దూరంలో ఉంది. నాన్నగారి కాగితం మీద నాలుగు పేర్లున్నాయి, పక్కింటాయన కాగితం మీద ఒక్కటే ఉంది అనుకోండి, ఆ ఒక్కటీ ముదిరిన లివర్ జబ్బయితే పక్కింటాయన పరిస్థితే బరువైనది. పేర్లు ఎన్ని ఉన్నాయన్న దాని కంటే ఏది, ఎంత ముదిరింది, అదుపులో ఉందా అన్నదే చూడాలి. ఇంకో సంగతి, ఈ మార్కులు వేలమంది గుంపు గురించి చెబుతాయి. మీ నాన్నగారి ఆయుష్షు లెక్కకట్టడానికి ఎవరన్నా వాటిని వాడితే నమ్మకండి.

దాచకుండా చెప్పాల్సింది ఒకటి ఉంది. ఈ వయసులో తుంటి విరగడం చిన్న సంగతి కాదు, మొదటి కొన్ని నెలలూ జాగ్రత్తగా ఉండాలి, స్టెంటూ షుగరూ ఉన్నవాళ్లకి ఇంకా ఎక్కువగా. ఛాతీలో నొప్పి, ఆయాసం, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టడం, జ్వరం, కుట్ల దగ్గర చీము, మళ్లీ తికమకగా మాట్లాడటం, వీటిలో ఏది కనిపించినా మర్నాటికి వాయిదా వెయ్యకుండా తీసుకెళ్లండి. ఆయన నడుస్తున్నారు, తింటున్నారు, గాయం మానింది. ఇప్పటిదాకా దారి బాగుంది.

కరోనా వార్తల మాట. ఆ రోజుల్లో తెలంగాణ రోజువారీ బులెటిన్లలో కోవిడ్ వల్ల మరణాలు, కోమార్బిడిటీల వల్ల మరణాలు అని రెండు శాతాలు విడివిడిగా ఇచ్చేవారు. దాంతో జనం మనసుల్లో రెండు అర్థాలు నాటుకున్నాయి. షుగర్ ఉన్నవాడు కరోనా వస్తే పోతాడని ఒకటి, వాళ్లు ఎలాగూ పోయేవాళ్లే, కరోనా ఒక సాకు అని ఇంకొకటి. రెండూ తప్పే. ఆస్పత్రిలో మరణానికి కారణం రాసే నాలుగో నంబరు ఫారంలో రెండు భాగాలుంటాయి. మొదటి భాగంలో మరణానికి దారితీసిన వరుస ఉంటుంది: ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతినడం, దానికి కారణం నిమోనియా, దానికి కారణం కోవిడ్. రెండో భాగంలో ఆ వరుసలో లేకపోయినా మరణానికి తోడ్పడిన మిగతా జబ్బులు రాయాలి. షుగర్, ఉబ్బసం లాంటివి అక్కడికి వెళ్లాలి. 2020లో ఐసీఎంఆర్ ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఇదే ఉంది: కోవిడ్‌తో పోయిన మనిషికి షుగర్ ఉన్నా, మరణానికి మూలకారణంగా షుగర్‌ని రాయకూడదు. ఇరవై ఏళ్లుగా షుగర్‌తో బతికిన మనిషి పదిహేను రోజుల జ్వరంతో పోతే, ఆయన్ని తీసుకెళ్లింది ఆ జ్వరమే.

‘చనిపోయినవారిలో సగానికి పైగా బీపీ ఉంది’ అన్న వార్త చదివినప్పుడు ఇంకొకటి అడగండి. ఆ వయసులో చనిపోనివారిలో ఎంతమందికి బీపీ ఉంది? ఉదాహరణకి ఒక ఊళ్లో అరవై దాటినవాళ్లు వందమంది ఉంటే అందులో యాభైమందికి బీపీ ఉందనుకుందాం. ఏదో జబ్బుతో అదే వయసువాళ్లు పదిమంది పోతే, బీపీ ఏ పాపం ఎరక్కపోయినా, ఆ పదిమందిలో సుమారు అయిదుగురికి అది ఉంటుంది. పోలిక లేని శాతం ఏమీ చెప్పదు. వార్త రాసేవాళ్లు ఆ రెండో అంకె ఇవ్వకపోతే, దాన్ని చూసి అమ్మగారు నిద్ర పోగొట్టుకోనక్కర్లేదు.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. డిశ్చార్జి కాగితంలో ‘షుగర్ 15 ఏళ్లుగా’ అని ఉంది. మీ ఉత్తరంలో తొమ్మిదేళ్లు అని రాశారు. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో ఎవరో బంధువు ‘చాలా ఏళ్లుగా ఉందండీ’ అంటే డ్యూటీ డాక్టరు ఒక అంకె వేసేస్తాడు. పాలసీ తీసుకునేటప్పుడు షుగర్ లేదనో, ఈమధ్యే వచ్చిందనో రాసి ఉంటే, ఈ ఒక్క అంకె పట్టుకుని క్లెయిము ఆపుతారు. మొదటిసారి షుగర్ తేలిన రిపోర్టు చూపించి ఆస్పత్రిలో ఆ వాక్యం దిద్దించుకోండి, అది మీ హక్కు. 2024 నిబంధనల ప్రకారం ముందు నుంచీ ఉన్న జబ్బులకి ఆరోగ్య బీమా కంపెనీలు పెట్టే నిరీక్షణ 36 నెలలు మించకూడదు. పాలసీ ఆగకుండా 60 నెలలు నడిస్తే, మోసం రుజువైతే తప్ప, ‘ఫలానాది చెప్పలేదు’ అని క్లెయిము తిరస్కరించకూడదు. మీ పాలసీ ఎప్పటిదో చూసుకోండి.

ఇక అన్నిటికంటే నాకు ఎక్కువ పట్టింది, ఆ పట్టికలో లేని సంగతులు. రెండు ఉన్నాయి.

ఒకటి ఎముకల బలహీనత. నిలబడిన ఎత్తు నుంచి పడితేనే తుంటి విరిగిందంటే, అది వేరే పరీక్ష అవసరం లేకుండానే ఆస్టియోపోరోసిస్. మగవాళ్లలో దీన్ని ఎవరూ తలుచుకోరు. ఎముక అతికించి పంపేస్తారు, ఎముక ఎందుకు గుల్లబారిందో చూడరు. రెండో తుంటి కూడా అదే ఎముక కదా. విటమిన్ డి, కాల్షియం పరీక్షలు చేయించి, ఎముక బలానికి మందు మొదలుపెట్టాలా అని అడగండి. ఏడాదికోసారి ఇచ్చే జోలెడ్రోనిక్ ఆమ్లం ఇంజెక్షన్ గురించి చెబితే, కిడ్నీ సంగతి మీరే గుర్తు చెయ్యండి. వడపోత 35 కంటే తక్కువ ఉంటే అది ఇవ్వరు. నాన్నగారికి ఇప్పటి అంకెతో ఇవ్వవచ్చు గానీ ముందు మళ్లీ పరీక్ష చెయ్యాలి.

రెండోది, అసలు ఎందుకు పడ్డారు? కాగితంలో ‘జారి పడటం’ అని ఉంది. మీరు రాసింది వేరు: నేల తడిగా లేదు, ప్రొస్టేట్‌కి రాత్రిపూట టామ్సులోసిన్ వేసుకుని పడుకున్నారు, నాలుగున్నరకి మూత్రానికి లేచారు, కళ్లు తిరిగినట్టయింది, ఒళ్లు చెమటలు పట్టి ఉంది. నాకు రెండు అనుమానాలున్నాయి. గ్లిమెపిరైడ్ వేసుకునేవాళ్లకి, అందులో కిడ్నీ నెమ్మదించినవాళ్లకి, తెల్లవారుజామున షుగర్ పడిపోవచ్చు. చెమటలు పట్టడం దాని లక్షణమే. చేరినప్పుడు షుగర్ 340 ఉంది కదా అంటారేమో. పడింది నాలుగున్నరకి, రక్తం తీసింది తొమ్మిదింటికి. ఆ మధ్యలో ఎముక విరిగిన దెబ్బకి షుగర్ పైకి పోతుంది, పైగా పక్కింటివాళ్లు పంచదార కాఫీ ఇచ్చారని మీరే రాశారు. కాబట్టి ఆ అంకె ఆ అనుమానాన్ని కొట్టెయ్యదు. రెండోది, టామ్సులోసిన్, బీపీ మాత్రలు కలిసి, పడుకున్న మనిషి లేవగానే రక్తపోటు పడిపోయి ఉండవచ్చు.

రెండూ ఇంట్లోనే చూడవచ్చు. వారంలో రెండు మూడు రోజులు తెల్లవారుజామున మూడింటికి గ్లూకోమీటరుతో షుగర్ చూసి రాయండి. 70 కంటే తక్కువ ఉంటే వెంటనే ఏదైనా తీపి ఇచ్చి, ఆ రోజే షుగర్ డాక్టరుతో మాట్లాడండి, గ్లిమెపిరైడ్ తగ్గించాలి. బీపీ అయితే అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డ ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ ఇంకో రెండుసార్లు చూడండి, ఎవరైనా పక్కన పట్టుకుని ఉండాలి. పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ తగ్గితే ఆ కాగితం తీసుకుని వెళ్లండి. ఏ మాత్రా మీ అంతట మీరు ఆపవద్దు, ముఖ్యంగా స్టెంటు గుళిక.

ఎముకల డాక్టరు దగ్గరికి మళ్లీ చూపించడానికి వెళ్లేటప్పుడు ఒక తెల్ల కాగితం మీద నాలుగు జబ్బుల పేర్లూ, ఒక్కోటి ఏ సంవత్సరం తేలిందో, ఆఖరి పరీక్ష అంకె ఎంతో, దానికి వాడే మందు మోతాదుతో సహా రాసి పట్టుకెళ్లండి. దాని కింద డెలీరియం సంగతి, షాపులో కొని వేసుకునే నొప్పి మాత్రల సంగతి, ఎవరన్నా ఇచ్చిన పొడులూ కషాయాలూ ఉంటే అవి కూడా రాయండి. కీళ్ల నొప్పులకి ఊళ్లల్లో ఇచ్చే కొన్ని పొడుల్లో స్టెరాయిడ్ కలుపుతారు. అది నెలల తరబడి తిన్నవాళ్లకి ఎముకలు గుల్లబారతాయి, ఆపరేషన్ సమయంలో ఉన్నట్టుండి రక్తపోటు పడిపోవచ్చు. నాన్నగారు అలాంటిది వాడారేమో కోప్పడకుండా అడిగి తెలుసుకోండి. ఆ కాగితం ఫొటో తీసి మీ ఫోన్‌లోనూ, అమ్మగారి ఫోన్‌లోనూ పెట్టుకోండి.